నవారు అంటే నవ్వారు

పంచాంగ శ్రవణం అయిపోయి, భోజనాల లైను ఇంకా మొదలుకాని ఆ ముప్పావుగంట ఎలా గడుస్తుందో ఉగాదికి వచ్చే మీ అందరికీ తెలుసు. పులిహోర వాసన వస్తూ ఉంటుంది, పిల్లలు కుర్చీల మధ్య పరుగులు పెడుతుంటారు, మైకు గీమంటుంది. ఈసారి ఆ సమయంలో కమిటీవాళ్లు పెద్దలూ మనవలూ కలిసి ఆడే ఆట పెట్టారు. మంచి ఆలోచన, ముందే చెబుతున్నాను. తెర మీద మూడు మాటలు వేశారు: రకం, వల, లత. మూడింటికీ ముందు ఒకే అక్షరం పెట్టాలి, మూడూ కొత్త మాటలు కావాలి.

విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చిన మా అమ్మ, మా పదకొండేళ్ల అమ్మాయి ఒక జట్టు. జవాబు "న" అని మా అమ్మ ముందుగా చెయ్యెత్తింది. నరకం, నవల, నలత. చప్పట్లు. తర్వాత బోనస్ రౌండ్: అదే అక్షరంతో ఇంకో మాట చెప్పినవాళ్లకు రెండు పాయింట్లు.

"వారు. న పెడితే నవారు" అంది అమ్మ.

జడ్జిగారు ఫోన్‌లో టైపు చేశారు. ఫోను తన తెలివి చూపించి దాన్ని దిద్దింది. "నవ్వారా అండీ? అది క్రియ కదా, అందులో వ-వత్తు ఉంటుంది" అన్నారాయన మైకులో. హాలంతా నిజంగానే నవ్వారు. అమ్మ "మంచానికి అల్లుతారే, అది" అని చేత్తో అల్లి చూపించబోయింది. ఈలోపు టైమరు మోగింది. రెండు పాయింట్లు పోయాయి, దాంతో మొదటి బహుమతీ పోయింది. బహుమతి స్టీలు మసాలా డబ్బా. మా ఇంట్లో అలాంటివి మూడున్నాయి, కాబట్టి బాధ డబ్బా గురించి కాదు.

ఇంటికొచ్చేదాకా కారులో అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "అమ్మమ్మా, నవారు నిజంగా ఉందా?" అని అడిగింది. అప్పుడు నాకు కలుక్కుమంది.

ఆ ఆటని అమ్మ ఎలా పట్టిందో చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది. మా అమ్మాయి ఇంగ్లిషులో ఇలాంటివి చాలా ఆడింది. అక్కడ 26 అక్షరాలు, వరసగా ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఎక్కడో ఒకచోట తగులుతుంది. అదే అలవాటుతో అ, ఆ, ఇ, ఈ అంటూ మొదలుపెట్టింది. తెలుగులో ఆ దారిన వెళితే సాయంత్రమవుతుంది. మనకి అక్షరమంటే క ఒక్కటే కాదు. కా, కి, కీ, కు, కూ అంటూ కృ, కౄ కలుపుకుని కః దాకా ఒక్క క గుణింతంలోనే 16 ఉన్నాయి. వత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. పక్క టేబులాయన "మా" అని గుణింతంలోంచే ఒకటి పట్టాడు. విదేశీ మారకంలోని మారకం బాగానే కుదిరింది. వల దగ్గర ఆగిపోయాడు.

అమ్మ అక్షరాలతో మొదలుపెట్టలేదు, మాటతో మొదలుపెట్టింది. మూడింటిలో ఏది ఎక్కువ మొండిదో చూసింది. "లత"కి ముందు ఏం పెడితే మాట అవుతుంది? ఆవిడకు తట్టినవి రెండే: కలత, నలత. అంటే వందల అక్షరాల్లోంచి రెండే మిగిలాయి. ఆ రెండింటినీ "వల" మీద పెట్టి చూస్తే రెండూ నిలిచాయి: కవల పిల్లల్లోని కవల, నవల. ఇక "రకం". నరకం అందరికీ తెలిసిందే, కరకం వినలేదు, కాబట్టి జవాబు న. మొత్తం పది సెకన్లు పట్టిందేమో.

ఇంటికొచ్చాక నేను నిఘంటువులు తిరగేశాను (కోపమొస్తే నేను చేసే పని అదే). కరకం ఉంది! సన్యాసి చేతిలోని కమండలాన్ని సంస్కృతంలో కరకం అంటారు. అంటే ఏ పండితుడో లేచి "క" అన్నా కాదనడానికి వీల్లేదు: కరకం, కవల, కలత. తెర మీద వేసిన ప్రశ్నకు ఒక జవాబు కాదు, రెండున్నాయి. నాలుగో మాటగా "వారు" చేర్చి ఉంటే ఆ చిక్కు తీరిపోయేది. కవారు అనే మాట లేదు, నవారు ఉంది. జడ్జిగారు తీసేసిన మాటే ఆ ప్రశ్నకు కావలసిన తాళంచెవి.

నవారు చూడని పిల్లల కోసం చెబుతున్నాను. మూడు వేళ్ల వెడల్పున నేసిన నూలు పట్టీ అది. చెక్క పట్టెల మంచానికి నిలువునా అడ్డంగా అల్లుతారు. నులక మంచం వీపు మీద గళ్లు అచ్చువేస్తుంది, నవారు మంచం వెయ్యదు. అందుకే మా ఇంట్లో నవారు మంచం అల్లుళ్లకీ జ్వరమొచ్చినవాళ్లకీ మాత్రమే. పాతరోజుల గురించి కన్నీళ్లు పెట్టుకునేదాన్ని కాను నేను. ఆ మంచం కోళ్ల సందుల్లో నల్లులుండేవి, ఎండలో వేసి వేడినీళ్లు పోసేవాళ్లు. ఏడాది తిరిగేసరికి నడుమ జారి ఊయలయ్యేది. అప్పుడు అమ్మ ఒక చివర ముడి విప్పి, వరసవరసా లాగుతూ బిగించేది. నేను ఆ పట్టీ మీద కాలు తన్నిపెట్టి కూర్చునేదాన్ని, జారిపోకుండా. బిగించిన రోజు రాత్రి ఆ మంచం మీద ఎవరు పడుకోవాలని నాకూ తమ్ముడికీ కొట్లాట. గట్టిగా, చల్లగా, ఉతికిన బట్ట వాసనతో ఉండేది. ఇప్పుడు వేల డాలర్లు పోసి కొన్న పరుపు మీద నాకు నిద్ర పట్టదు, అది వేరే సంగతి.

ఇప్పుడు జడ్జిగారి వైపు నుంచి కూడా చూద్దాం. స్టేజి మీద నిలబడి, టైమరు తిరుగుతుంటే, ఎవరేం చెప్పినా ఒప్పుకుంటే ఆట మిగలదు. నోటికొచ్చిన శబ్దమల్లా "మా ఊళ్లో అంటారండీ" అంటే చాలు, మాటైపోతుంది. స్క్రాబుల్ పోటీల్లో మాటల జాబితా ముందే ఖాయమై ఉంటుంది. జాబితాలో ఉంటే అర్థం తెలియకపోయినా చెల్లుతుంది, లేకపోతే ఇంట్లో రోజూ వాడే మాటైనా చెల్లదు. అది కటువుగా ఉన్నా న్యాయమే. కానీ మన ఆటలో ఏ జాబితా అన్నది ముందు ఎవరూ చెప్పలేదు. ఫోను కీబోర్డు సూచించే మాటల్ని నిఘంటువు అనుకోవడం మాత్రం జాబితా కాదు. తనకి తెలియని మాటని తెలిసిన మాటగా మార్చడమే కీబోర్డు పని.

కొందరు మిత్రులు "నవారు తెలుగు మాట కాదులే వదినా, హిందుస్థానీ" అన్నారు. నిజమే. మరి తెర మీదున్న "రకం" ఎక్కడిది? అదీ అటువైపు నుంచి వచ్చిందే. "నవల" ఇంగ్లిషు నావెల్‌ని చెవికి దగ్గరగా ఉండేలా మలుచుకున్న మాట. నరకం, లత సంస్కృతం. ఈ లెక్కన ఆ పూట హాల్లో గట్టి తెలుగు మాటలు వల, నలత, వారు మాత్రమే. పుస్తకాల్లోకి ఎక్కిన అరువు మాట చెల్లి, మంచానికి చుట్టుకున్న అరువు మాట చెల్లకపోవడమేమిటి?

ఇంకో మాట, పోయిన దసరాకి ఇచ్చిన ప్రశ్న గురించి. న్యాయం, ధర్మం, సత్యం, జవాబు అ. నన్నడిగితే అది ఆటే కాదు. అన్యాయం కొత్త మాట కాదు, న్యాయానికే "కాదు" తగిలించాం. స కూడా అంతే: సఫలం, సజలం, సవినయం. మనకి సంస్కృతం ఇచ్చిన ఉపసర్గలు ఎంతటివంటే, హారం అన్న ఒక్కదానికి ముందు పెట్టి ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నీ చేసుకోవచ్చు. వ్యాకరణం చెప్పడానికి అది బాగుంటుంది. ఆటలో మజా రావాలంటే పాత మాటకీ కొత్త మాటకీ చుట్టరికమే ఉండకూడదు.

ఆ మర్నాడు అమ్మ అలాంటిదొకటి చేసి మా అమ్మాయికిచ్చింది: పటం, లత, రణం, వనం, వాటం. పిల్ల ఈసారి అ నుంచి మొదలుపెట్టలేదు. రణంతో మొదలుపెడితే మరణం, చరణం, శరణం, హరణం, భరణం అని బోలెడు వస్తాయని, వనంతో భవనం, పవనం వస్తాయని గ్రహించి రెండింటినీ పక్కన పెట్టింది. వాటం దగ్గర కూర్చుంది. సైన్సు పుస్తకంలో గుండె బొమ్మ కింద చూసిన కవాటం గుర్తొచ్చింది. క పెట్టి మిగతావి చూసుకుంది: కపటం, కలత, కవనం. కరణం తనకి తెలియదు. అమ్మమ్మని అడిగింది, ఊరి లెక్కలు రాసే ఆయన అని తెలుసుకుంది. ఆ ఊపులో "ధనం కూడా పెట్టుకో అమ్మమ్మా, కధనం అవుతుంది" అంది. అవదు. కథనంలో ఉన్నది థ, యుద్ధమనే కదనంలో ఉన్నది ద. ఈ తప్పు పిల్లలదే కాదు. మన సంఘం వాట్సాప్‌లో "కధ" అని రాసేవాళ్లని లెక్కపెట్టి చూడండి.

అందుకే కమిటీకి నా మనవి. దసరాకి ఈ ఆట మళ్లీ పెట్టండి, మానెయ్యకండి. ఏ నిఘంటువు చెల్లుతుందో ముందే చెప్పండి. అందులో దొరకని మాట ఎవరైనా చెబితే, ఆ మాటతో ఒక వాక్యం చెప్పమనండి. వేరే జిల్లా నుంచి వచ్చిన ఇంకో టేబులు "అవును, మేమూ అంటాం" అంటే పాయింటు ఇవ్వండి. ఒక్క నిమిషం పడుతుంది, టైమరు ఆపండి. ఆ హాల్లో కోనసీమవాళ్లున్నారు, పాలమూరువాళ్లున్నారు, అనంతపురంవాళ్లున్నారు. ఆరు నెలలకొచ్చి వెళ్లిపోయే అమ్మలూ నాన్నలూ ముందు వరసలోనే కూర్చుని ఉంటారు. వాళ్లని పచ్చడి రుచి చూడమని మాత్రమే అడుగుతున్నాం.

అమ్మ జూన్‌లో వెళ్లిపోయింది. ఫ్రిజ్ మీద మా అమ్మాయి "న" కింద రాసిన జాబితా ఇంకా అలాగే ఉంది. మొన్న దానికి ఒకటి చేర్చింది: గరం, నగరం. గరం తెలుగేనా అని నాకే అనుమానం. "గరం గరం చాయ్ అని ఇంట్లో రోజూ నువ్వే కదా అంటావు" అంది. వాక్యం చెప్పేసింది కాబట్టి, నా రూలు ప్రకారం రెండో టేబులు కావాలి. మా పక్కింటి హైదరాబాదువాళ్లు తెలుగే అంటున్నారు, అమ్మ ఫోన్‌లో కాదంటోంది. జడ్జిగారూ, ఇది మీరే తేల్చాలి.