రాత్రి ఎనిమిది దాటితే ఫెయిలయ్యే టెస్టు

ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగు సంఘం జూన్ పిక్నిక్‌లో ఈసారి కొత్తగా ఒక కార్యక్రమం పెట్టారు. వేసవి ఇంటర్న్‌షిప్ వచ్చిన పిల్లల్ని స్టేజీ మీదికి పిలిచి, కంపెనీ పేరు మైకులో చదివి, శాలువా కప్పారు. పెట్టినవాళ్ల మనసు మంచిదే. చదువుకుని పైకొచ్చిన పిల్లల్ని నలుగురిలో నిలబెట్టి మెచ్చుకోవడం మన ఊళ్ల నుంచి తెచ్చుకున్న అలవాటు, నాకూ ఇష్టమైన అలవాటు. ఆ వరసలో మా అక్క కూతురు కూడా ఉంది. చేరి అప్పటికి మూడు వారాలు. స్టేజీ దిగీ దిగగానే ఒక పెద్దాయన ఎదురొచ్చి, "రిటర్న్ ఆఫర్ ఖాయమేనా అమ్మా? మా వాడికి రెండో వారంలోనే మేనేజర్ మాటిచ్చేశాడు" అన్నారు. ఇంటర్న్‌షిప్ అయ్యాక అదే కంపెనీ ఇచ్చే ఉద్యోగం గురించి ఆయన అడిగింది. ఆ పిల్ల నవ్వి తలూపింది. కారెక్కాక మాత్రం, "పిన్నీ, నన్ను పొరపాటున తీసుకున్నారు. ఇంకో రెండు వారాల్లో వాళ్లకే తెలిసిపోతుంది" అంది.

ఇంటర్న్‌లకి మెంటార్‌గా ఉంటూ ఈ మాట నేను ప్రతి జూన్‌లోనూ వింటాను. తెలుగు పిల్లల దగ్గరే కాదు, అందరి దగ్గరా. జార్జియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1978లోనే దీని మీద వ్యాసం రాశారు. బాగా రాణిస్తున్న ఆడవాళ్లతో పనిచేస్తూ వాళ్లు గమనించిన దాంట్లో ఒక సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. దొరికిపోతామన్న భయంతో మనిషి మితిమీరి కష్టపడుతుంది. పని బాగా వస్తుంది. అప్పుడు "నాకు చేతనైంది కాబట్టి కాదు, అంత కష్టపడ్డాను కాబట్టి గట్టెక్కాను" అనుకుంటుంది. అంచేత తర్వాతి పనికి భయం తగ్గదు, మళ్లీ మొదటికొస్తుంది. మా అక్క కూతురి విషయంలో ఇంకో మెలిక పడింది. భయంతో పడ్డ ఆ కష్టమే తనలో లేని తప్పును ఆమెకి చూపించింది.

తను ఉన్నది బిల్లింగ్ టీమ్‌లో. ఇచ్చిన పని చిన్నదే, ఇన్‌వాయిస్‌లో ఒక కొత్త ఫీల్డు చేర్చాలి. పగలు ఆఫీసులో తన నెమ్మది ఎవరి కంటా పడకూడదని అసలు పనంతా రాత్రి భోజనమయ్యాక ఇంట్లో చేసేది. కోడ్ రాసి, అది సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు నడిపితే, తను ముట్టుకోని ఫైలులో ఒక టెస్టు ఫెయిలయ్యేది. అర్ధరాత్రి దాకా వెతికి పడుకునేది. పొద్దున ఆఫీసులో అదే నడిపితే పాసయ్యేది. మళ్లీ రాత్రి ఫెయిల్. ప్రాజెక్టు మొత్తం చెరిపేసి మళ్లీ దించుకుంది, పైథాన్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసింది. మూడు రాత్రులు అలా గడిచాయి. నాలుగో రోజు పొద్దున టీమంతా కలిసే స్టాండప్ మీటింగులో "అంతా బాగానే సాగుతోంది" అని చెప్పింది.

ఎవరినైనా అడిగావా అంటే, "టీమ్‌లో ఇంకెవరికీ రావట్లేదు పిన్నీ, నాకొక్కదానికే వస్తోంది. అడిగితే నాకేం రాదని అర్థమైపోదూ?" అంది. నేను కోడ్ జోలికి వెళ్లలేదు. ఎప్పుడు పాసైందో, ఎప్పుడు ఫెయిలైందో టైముతో సహా కాగితం మీద రాయమన్నాను. రాశాక ఆ పిల్లే గుర్తుపట్టింది, రాత్రి ఎనిమిదికి ముందు ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. మర్నాడు పొద్దున టీమ్ ఛానెల్లో ఆ టైములతో సహా పెట్టింది. కాఫీ పూర్తయ్యేలోపు సీనియర్ ఒకరు జవాబిచ్చారు. తప్పు ఈ ఒక్క లైనులో ఉంది:

```python
assert invoice.created_at.date() == date.today()
```

ఎడమవైపున్న తేదీ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో సేవ్ అవుతుంది. కుడివైపున్నది లాప్‌టాప్ ఉన్నచోటి తేదీ. వేసవిలో న్యూజెర్సీ టైము యూటీసీకి నాలుగు గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ తేదీ మారిపోతుంది, రెండు వైపులా కలవవు. కంపెనీ సర్వర్లు యూటీసీలోనే నడుస్తాయి కాబట్టి అక్కడ ఎప్పుడూ పాసే. టీమంతా సాయంత్రం ఐదుకి ఇంటికెళ్లిపోతారు కాబట్టి వాళ్ల లాప్‌టాప్‌ల మీదా ఎప్పుడూ పాసే. ఆ టెస్టు రాసింది జవాబిచ్చిన సీనియరే. `date.today()` తీసేసి `datetime.now(timezone.utc).date()` అని మా అమ్మాయి చేతే మార్పించారు. కంపెనీ కోడ్‌లో ఆమె పేరుతో చేరిన మొదటి మార్పు అదే.

తను మూడు రాత్రులు దాచుకున్నది తన చేతకానితనం కాదు, టీమ్ కోడ్‌లో ఎన్నాళ్ల నుంచో ఉన్న లోపం. అందరికన్నా వెనకబడ్డాననుకుని రాత్రిళ్లు కూర్చున్న మనిషికి మాత్రమే అది కనపడింది. ఆ దాపరికానికి లెక్క కూడా ఉంది. పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ అంటే అరవై పనిరోజులు, అందులో మూడు రోజులంటే ఇరవయ్యో వంతు. మొదటి నెలలో ఇంటర్న్ వేగం చూసే మెంటార్లని నేను పెద్దగా చూడలేదు. ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ సంగతి ఎంత త్వరగా బయటపెడతారన్నదే చూస్తాం. నా టీమ్‌లో పిల్లలకి నేను గంట గడువు పెడతాను. గంటసేపు ఒకేచోట ఆగిపోతే ఛానెల్లో రాయాలి. ఏం చేద్దామనుకున్నావు, ఏం చేశావు, తెరమీద ఏమొచ్చింది, నీ అనుమానమేంటి, ఈ నాలుగూ ఉంటే చాలు. "రావట్లేదు, హెల్ప్ చేస్తారా" అని ఒకరికి విడిగా పంపేదానికన్నా ఇది వెయ్యిరెట్లు మేలు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు చెబుతారు, వచ్చే ఏడాది ఇంటర్న్ వెతుక్కుంటే జవాబు అక్కడే దొరుకుతుంది.

మరి అందరూ అంత తెలిసినవాళ్లలా ఎందుకు కనిపిస్తారు? మీటింగులో అర్థంకాని మాటల్ని ఒక వారంపాటు నోట్‌బుక్‌లో రాయమన్నాను. తర్వాత కూర్చుని వేరుచేస్తే ముప్పావు వంతు ఆ కంపెనీ వాళ్లు సొంతంగా పెట్టుకున్న పేర్లే, కంపెనీలోనే కట్టుకున్న టూళ్లు, పాత ప్రాజెక్టుల ముద్దుపేర్లు. అవి బయట ఏ పుస్తకంలోనూ ఉండవు, ఎవరూ చదువుకుని రాలేరు. ఇక రోజూ ఆమెని కుంగదీసిన తోటి ఇంటర్న్ ఉన్నాడు, మొదటిరోజే లాప్‌టాప్ సెటప్ ముగించేసిన కుర్రాడు. అతను పోయిన వేసవిలోనూ అదే టీమ్‌లో చేశాడట. అడిగితే మామూలుగా చెప్పేశాడు. ఆమె మూడు వారాలు అడగలేదు, అంతే.

పెద్దవాళ్ల కోడ్ చూసి దడుచుకునే పిల్లలకి నేనొక పని చెబుతాను. టీమ్‌లో మీరు బాగా గౌరవించే మనిషి కంపెనీలో చేరిన కొత్తల్లో ఏం రాశారో చూడండి. టెర్మినల్లో ఇది కొడితే పాతవి ముందు వస్తాయి:

```
git log --author="name" --reverse
```

అయితే చాలా కంపెనీల్లో మార్పులన్నీ ఒకటిగా కుదించి కలిపేస్తారు, మధ్యలో పడ్డ తిప్పలు ఈ జాబితాలో కనపడవు. అంచేత అక్కడితో ఆగకుండా, ఆ మార్పుని కోడ్‌లో కలపమని అడిగిన పుల్ రిక్వెస్ట్ పేజీ తెరిచి, కింద రివ్యూలో వచ్చిన కామెంట్లు చదవాలి. "ఇది ఎందుకు?", "పొరపాటు, సరిచేశాను", "వెనక్కి తీసేద్దాం", ఇలాంటివన్నీ అక్కడుంటాయి. మా అమ్మాయి తన మెంటార్ మొదటి ఏడాది రాసినవి రెండు గంటలు కూర్చుని చదివింది.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. ఈ పిల్లల్లో చాలామంది ఇంటర్మీడియట్‌లో వారం వారం ర్యాంకు చూసుకుని, ర్యాంకుని బట్టి సెక్షన్ మారుతూ పెరిగారు. ఎక్కడున్నామో చెప్పే అంకె ఒకటి ఎప్పుడూ గోడమీద ఉండేది. టీమ్‌లో ఆ జాబితా ఉండదు. లేకపోతే పిల్లలు ఊరుకోరు, మనసులో వాళ్లే ఒకటి తయారుచేసుకుని అట్టడుగున తమ పేరు రాసుకుంటారు. ఇంట్లోనేమో మనం "పెద్దవాళ్లని విసిగించకు, ముందు నువ్వే చూసుకో" అని నేర్పాం. గౌరవం నేర్పుతున్నామనుకుని నేర్పాం, నిజంగా అది గౌరవమే. మా నాన్నగారి ముందు నేను రెండుసార్లు ఆలోచించకుండా నోరు తెరిచిందాన్ని కాదు, అందుకు నాకు చింత లేదు. కానీ ఆఫీసులో ఆ మర్యాద మౌనంగా మారుతుంది, మౌనం రాత్రి పనిగా మారుతుంది. ఎమ్మెస్‌కి అప్పుచేసి వచ్చిన పిల్లలకి ఇది మరీ బరువు. ఇక్కడ ఓడితే ఇంటి దగ్గర లోను వాయిదాలు గుర్తొస్తాయి.

అలాగని ఆ భయమంతా ఉత్తదే అని కొట్టిపారేయకూడదు. నిజమైన లోటు కూడా ఉంటుంది, దాన్ని పట్టుకునే దారీ ఉంది. ఒకే కామెంటు ఇద్దరు వేర్వేరు మనుషుల నుంచి వచ్చినా, ఒకే సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాక మూడోసారీ అక్కడే ఆగినా, అది భయం కాదు, నేర్చుకోవాల్సిన పాఠం. మా అమ్మాయికి అలాంటిదొకటి ఉంది. లూప్ లోపల ఒక్కో ఇన్‌వాయిస్‌కీ డేటాబేస్‌ని అడిగే ఒక్కో క్వెరీ రాస్తోందని ఇద్దరు రివ్యూలో అన్నారు. టేబుళ్లని కలిపే ఒక్క జాయిన్‌తో వంద ఇన్‌వాయిస్‌లూ ఒకేసారి తేవచ్చు, అది తనకి సరిగా రాదు. వారంపాటు సాయంత్రాలు దానిమీదే కూర్చుంది, వచ్చేసింది. "నాకేమీ రాదు" అన్నంతకాలం చేయగలిగింది ఏమీ లేదు. "నాకు జాయిన్లు రావు" అన్నాక చేయాల్సిన పని తెలిసింది. వెక్కిరించే మెంటారో, వారాల తరబడి కలవని మెంటారో దొరికితే మాత్రం అది పిల్లల తప్పు కాదు. మేనేజర్‌కి గానీ, ఇంటర్న్‌షిప్ ప్రోగ్రామ్ చూసే రిక్రూటర్‌కి గానీ చెప్పాలి, ఆలస్యం చేయకూడదు.

కార్యవర్గానికి నా విన్నపం, ఆ సన్మానం వచ్చే ఏడాది ఆగస్టు చివర్లో పెట్టండి, ఇంటర్న్‌షిప్పులు ముగిశాక. అప్పుడు చెప్పుకోడానికి పిల్లల దగ్గర చేసిన పని ఉంటుంది. తల్లిదండ్రులకి, జూన్‌లో రిటర్న్ ఆఫర్ మాట ఎత్తకండి. ఆఫర్ల సంగతి సాధారణంగా చివరి వారాల్లో గానీ తేలదు, ఆ ప్రశ్నకి పిల్లల దగ్గర జవాబే ఉండదు. "ఇవాళ ఎవర్ని ఏమడిగావ్?" అనండి చాలు. ఇక ఈ పత్రిక చదివేవాళ్లలో పదేళ్లు పైబడి ఈ వృత్తిలో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. మీ టీమ్‌లో ఈ వేసవి ఇంటర్న్ ఉంటే, మీ పుల్ రిక్వెస్టుల్లో అన్నిటికన్నా ఎక్కువ కామెంట్లు పడ్డది ఒకటి వెతికి, సోమవారం పొద్దున ఆ పిల్లవాడికి లింకు పంపండి.