సూచీ పెరిగితే అందరూ నవ్వాల్సిందే

స్టాక్ మార్కెట్ సూచీ జీవనకాల గరిష్ఠాన్ని తాకిన రోజున ముఖం వేలాడేసుకుని తిరిగే మదుపరుల మీద చర్య తీసుకోవాలని నేను చాలాకాలంగా కోరుతున్నాను. టీవీలో వ్యాఖ్యాత ఆనందం పట్టలేకపోతుంటాడు. వీళ్లేమో డీమ్యాట్ ఖాతా తెరిచి, ఎర్ర రంగు అంకెలు చూసుకుంటూ నిట్టూరుస్తారు. దేశం దూసుకుపోతుంటే సొంత షేర్ల గురించి ఆలోచించడం ఎంత స్వార్థం!

ఈ నిట్టూర్పులకు ఆజ్యం పోస్తున్నది పత్రికలే. మార్కెట్ వార్తలో శీర్షిక, పాయింట్లు, విదేశీ సంస్థల కొనుగోళ్లు అన్నీ అయ్యాక చిట్టచివర ఒక వాక్యం నక్కి ఉంటుంది: బీఎస్‌ఈలో ఇన్ని షేర్లు లాభపడగా, ఇన్ని నష్టపోయాయి. మర్యాదస్తులెవరూ అంత దూరం చదవరు. చదివినవారే చెడిపోతున్నారు.

వారి వాదన ఇలా ఉంటుంది. పది కంపెనీల సూచీ ఒకటి ఉందనుకుందాం. అందులో రెండు మహా కంపెనీలకే 40 శాతం బరువు, మిగతా ఎనిమిదింటికి కలిపి 60. ఒకరోజు ఆ రెండూ 3 శాతం చొప్పున పెరిగాయి, ఎనిమిదీ 1 శాతం చొప్పున తగ్గాయి. పెద్దల వల్ల సూచీకి 1.2 శాతం కలిసింది, చిన్నల వల్ల 0.6 శాతం పోయింది. నికరంగా 0.6 శాతం లాభం, శీర్షికలో 'జోరు'. పదింటికీ సమాన బరువు ఇచ్చి చూస్తే మాత్రం 0.2 శాతం నష్టం. సెన్సెక్స్, నిఫ్టీ కూడా మార్కెట్లో చేతులు మారగల షేర్ల విలువను బట్టే బరువులు పంచుతాయి. ఇద్దరు మోస్తున్నా పల్లకీ పల్లకీయే కదా, బోయీలను లెక్కపెట్టడం దేనికి?

లెక్కపెట్టేవారు ఊరుకోరు. రోజూ లాభపడిన షేర్ల సంఖ్యలోంచి నష్టపోయిన వాటి సంఖ్యను తీసేసి, మిగిలినదాన్ని నిన్నటి మొత్తానికి కలుపుతారు. 900 పెరిగి 1,700 తగ్గితే ఆ రోజు ఖాతాలో మైనస్ 800. ఇలా కూడుతూ గీసే గీతే అడ్వాన్స్-డిక్లైన్ లైన్. అది ఏ అంకె దగ్గర ఉందన్నది ముఖ్యం కాదు, ఎటు వంగుతోందన్నదే ముఖ్యం. సూచీ కొత్త శిఖరం ఎక్కిన రోజున ఈ గీత తన పాత శిఖరానికి కిందే ఉండిపోతే, ర్యాలీలో పాల్గొంటున్నవారు తగ్గిపోయారని వీరి అనుమానం.

సాక్ష్యంగా 2018ని లాక్కొస్తారు. జనవరి 29న నిఫ్టీ 11,130 వద్ద ముగిసింది. ఆగస్టు 28న 11,738కి చేరి కొత్త రికార్డు సృష్టించింది. నేను స్వీట్లు పంచాను. కానీ మధ్యతరహా, చిన్న షేర్ల సూచీలు జనవరి నాటి శిఖరాలను ఆ ఏడాది మళ్లీ చూడనే లేదు. టీసీఎస్, రిలయన్స్ లాంటి కొన్ని బరువైన షేర్లు నిఫ్టీని ఎత్తిపట్టాయి. మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ చెల్లింపుల ఎగవేత బయటపడ్డాక, అక్టోబరు 26 నాటికి నిఫ్టీ 10,030కి జారింది. ఆ గీతకు ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంగతి ముందే తెలుసని ఎవరూ అనరు. తట్టుకునే సత్తా ఎందరిలో మిగిలిందో మాత్రం చూపింది. ఆ ఏడాది మొత్తానికి నిఫ్టీ సుమారు 3 శాతం లాభపడింది, నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 దాదాపు 29 శాతం నష్టపోయింది. రెండూ ఒకే దేశానివి. కావాలంటే మ్యాపు చూసుకోవచ్చు.

అయినా నా దగ్గరా అస్త్రం ఉంది. న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో ఈ గీత 1998 ఏప్రిల్‌లోనే శిఖరం తాకి వంగిపోయింది. ఎస్ అండ్ పీ 500 మాత్రం 2000 మార్చి దాకా పెరుగుతూనే పోయింది, అదీ మూడో వంతుకు పైగా. హెచ్చరిక నిజమే, రెండేళ్లు ముందొచ్చింది! అమ్మేసి కూర్చున్నవారిని ఆ రెండేళ్లూ బంధువులు ఎలా చూసి ఉంటారో ఊహించుకోండి. పైగా ఈ గీతకు అయిదు పైసలు పెరిగిన షేరూ, 15 శాతం పెరిగిన షేరూ ఒకటే. బీఎస్‌ఈలో రోజుకు నాలుగు షేర్లు చేతులు మారే అనామక కంపెనీకీ రిలయన్స్‌కీ చెరో ఓటే. అందుకే తెలివైనవారు నిఫ్టీ 500లోని కంపెనీలకే లెక్క పరిమితం చేసుకుని, వాటిలో ఎన్ని తమ 200 రోజుల సగటు ధరకు పైన ఉన్నాయో కూడా చూస్తారు. సూచీ శిఖరం మీద ఉండగా ఆ వాటా సగానికి తగ్గిపోతే, అమ్మేయకపోయినా కొత్తగా అప్పు చేసి కొనడం మానేస్తారట. పిరికివారు.

కాబట్టి సెబీకి నా విన్నపం ఒక్కటే. రికార్డు రోజుల్లో మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ ముగియగానే డీమ్యాట్ ఖాతాలన్నీ మరుసటి ఉదయం దాకా మూసివేయాలి. ఆ కాసేపయినా జనం సూచీనే తమ సొంత ఆస్తిగా భావిస్తారు.