బుకాయింపుకు మార్కులా?

శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. ఒక కాలేజీలో కెమిస్ట్రీ వైవా జరిగిన తీరు తెలిసి మేం నిర్ఘాంతపోయాం. విద్యార్థికి వచ్చిన ప్రయోగం మోర్ లవణం, పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్. ‘ద్రావణాన్ని వేడి చేశావా?’ అని ఎగ్జామినర్ అడిగారు. ‘చేశాను సార్, 60 డిగ్రీల దాకా’ అని జవాబు వచ్చింది. అతని బల్ల మీద బర్నర్ వెలిగించనే లేదు. అయినా వైవా మార్కులు పూర్తిగా పడ్డాయి.

ఆ జవాబు ఆక్జాలిక్ ఆమ్లం ప్రయోగానిది. ఆ ఆమ్లం పర్మాంగనేట్‌తో మామూలు ఉష్ణోగ్రత దగ్గర చాలా నెమ్మదిగా చర్య జరుపుతుంది కాబట్టి 60, 70 డిగ్రీల దాకా వేడి చేస్తారు. మోర్ లవణంలోని ఫెర్రస్ అయాన్లకు ఆ అవసరం లేదు. పైగా వేడి చేస్తే కొంత ఫెర్రస్ గాలిలోని ఆక్సిజన్‌తోనే ఫెర్రిక్‌గా మారిపోయి, బ్యూరెట్ రీడింగ్ తక్కువ వస్తుంది. అంటే ఆ కుర్రాడు చేయని పనిని చేశానన్నాడు, అదీ చేస్తే ప్రయోగం పాడయ్యే పనిని. జిరాక్స్ షాపులో అమ్మే వైవా కాగితాన్ని బట్టీ పట్టి వస్తే రెండు ప్రయోగాలు ఇలాగే కలిసిపోతాయి.

పల్లెల నుంచి వచ్చిన పిల్లలు టెన్షన్‌లో తడబడతారని, కాస్త చూసీచూడనట్టు పోవాలని కొందరు లెక్చరర్లు అంటున్నారు. టెన్షన్ ఉంటుంది, కాదనం. కానీ తడబడినందుకు మార్కులు తగ్గించకపోవడం వేరు, బుకాయించినందుకు మార్కులు వేయడం వేరు. ఈరోజు ఒకరికి వేస్తే రేపు వరసలో నిలబడ్డ వాళ్లందరూ అదే దారి పడతారు.

వైవా ప్రశ్నలు కాగితంలోంచి రావు, విద్యార్థి బల్ల మీద నుంచి, అతని రికార్డులోంచి వస్తాయి. ముందురోజు రాత్రి చేయాల్సింది ఒక్కటే. తాను రాసిన ప్రొసీజర్‌లో ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది ఎందుకు చేశాను, చేయకపోతే ఏమయ్యేది అని తనను తాను ప్రశ్నించుకోవాలి. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోశాం. హైడ్రోక్లోరిక్ ఎందుకు పోయలేదు? పర్మాంగనేట్ దాన్ని కూడా ఆక్సీకరించి క్లోరిన్‌గా మారుస్తుంది, రీడింగ్ ఎక్కువ వస్తుంది. నైట్రిక్ ఎందుకు పోయలేదు? అది తానే ఆక్సీకరణి. అసలు ఆమ్లం చాలకపోతే? గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్ అవక్షేపం కనబడుతుంది. ఒక్క వాక్యంలోంచి ఇన్ని ప్రశ్నలు వచ్చాయి. ఎగ్జామినర్ సాధారణంగా ఇంతకన్నా లోతుకు దిగరు.

జవాబు చిన్నదిగా ఉండాలనడానికీ కారణం ఉంది. మనం చివర పలికిన మాటే తర్వాతి ప్రశ్న అవుతుంది. ‘ఇండికేటర్ ఎందుకు వేయలేదు?’ అంటే ‘పర్మాంగనేట్ రంగే సరిపోతుంది సార్, లేత గులాబీ నిలిస్తే ఎండ్ పాయింట్’ అని ఆగిపోవచ్చు. అక్కడ ఆగకుండా గొప్ప కోసం ‘ఆటోకెటాలిసిస్’ అన్నామా, దాన్ని వివరించమంటారు. తెలిస్తే చెప్పాలి. ఆక్జాలిక్ ఆమ్లంలో మొదటి చుక్కల రంగు పోవడానికి సమయం పడుతుంది, మాంగనీస్ అయాన్లు ఏర్పడ్డాక రంగు చప్పున పోతుంది. ప్రయోగం నిజంగా చేసినవాడు దీన్ని కళ్లతో చూసి ఉంటాడు. ఆ అయాన్లు చర్యను ఎలా వేగవంతం చేస్తాయో తెలియకపోతే, ‘చూసింది ఇంతవరకే సార్, కారణం తెలియదు’ అనాలి. అది పూర్తి జవాబు కాకపోవచ్చు, కానీ అబద్ధం మాత్రం కాదు.

మా కోపం విద్యార్థుల మీదకన్నా బల్లకు అవతల కూర్చున్న వారి మీద ఎక్కువ. ‘తెలియదు’ అన్న అమ్మాయికి కోత పెట్టి, బుకాయించిన అబ్బాయికి పూర్తి మార్కులు వేస్తే ఆ గదిలో అందరూ నేర్చుకునేది కెమిస్ట్రీ కాదు. రేపు వీళ్లే మందుల కంపెనీల ల్యాబుల్లో చేరి, చేయని పరీక్షకు చేశామని సంతకం పెడతారు. బుకాయిస్తే నడుస్తుందని వీళ్లకు నేర్పింది ఎవరు?

బుకాయింపును పట్టుకోవడం కష్టమా? రికార్డులో మూడు రీడింగులూ 10.0 అనే ఉంటే ఏ చుక్కకు రంగు నిలిచిందో అడగవచ్చు. బ్యూరెట్‌లో ముదురు రంగు ద్రావణానికి పైమట్టం చూశావా, కిందిమట్టం చూశావా అని అడగవచ్చు. పైమట్టమే చూడాలని బ్యూరెట్ పట్టుకున్నవాడికి తెలుస్తుంది. రెండు నిమిషాల పని ఇది. ఆ రెండు నిమిషాలు కూడా పెట్టకుండా, రికార్డు తెరవకుండా మార్కులు వేసి వెళ్లే ఎగ్జామినర్లు ఏ పనికి రెమ్యునరేషన్ తీసుకుంటున్నారో యూనివర్సిటీకి లిఖితపూర్వకంగా చెప్పాలి. చెప్పలేని వారిని వచ్చే సెమిస్టర్‌కు పిలవకూడదు.