గుంత చెబుతుంది, కొలత తేలుస్తుంది

పొలం హద్దు తగువు మీద రాసిన ఒక కథ గురించి ఒకరు అడిగారు: ‘హద్దురాయి పీకేసి, పైన దున్నేశాక పాత హద్దు మట్టిలో ఎలా దొరుకుతుంది?’

దొరుకుతుందండీ. నాగలి తిరగేసేది పైనున్న జానెడు మట్టినే. కింద మట్టిని పారతో పలుచగా చెక్కుతూ పోతే, చుట్టూ ఉన్న గట్టి నేల మధ్య రాయి పాతిన గుంత వేరే రంగులో, మెత్తగా, మచ్చలా బయటపడుతుంది. పైమట్టి అందులోకి జారి ఉంటుంది కాబట్టి. అడుగున బొగ్గు ముక్కలుంటే ఇంకా నయం, బొగ్గు కుళ్లదని పాతరోజుల్లో గుర్తుగా రాయి కింద వేసేవాళ్లు.

కానీ ఆ గుంత కంచె గుంజదీ కావచ్చు. అందుకే ఆ కథలో కుర్ర సర్వేయర్ కదలని రెండు రాళ్ల నుంచి టేపు పట్టి, పాత పటంలో కొలతలతో సరిచూశాడు. తగువు తెగింది నిజానికి అక్కడే. రచయిత మాత్రం దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశారు, నాకదే నచ్చలేదు.