నోటీసులో పెరిగింది విలువ, పన్ను కాదు

ఇళ్ల విలువను మళ్లీ మదింపు చేసి నోటీసులు పంచిన వారంలో మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, పాత కాగితంలో పది లక్షలున్న ఇల్లు కొత్తదాంట్లో ఇరవై లక్షలైంది. ఇక పన్ను కూడా రెండింతలేగా?" అని అడిగింది. ఆమె ఒక్కతే కాదు, ఆ వీధిలో అందరూ ఇదే లెక్క వేసుకుని ఉంటారు. చూడటానికి సహజంగానే ఉంటుంది గానీ, ఏటా కట్టే ఆస్తి పన్ను చాలా చోట్ల అలా నడవదు. ఈ ఒక్క అపోహ మూలంగానే మదింపులు ఏళ్ల తరబడి పాత ధరల దగ్గర నిలిచిపోతున్నాయని, అలా నిలిచిపోయినప్పుడు నష్టపోయేవాళ్లలో ఎక్కువమందికి తాము నష్టపోతున్నామని కూడా తెలియదని నా అభిప్రాయం.

ముందుగా లెక్క ఎక్కడ మొదలవుతుందో చూడాలి. మనం విలువను రేటుతో గుణిస్తే పన్ను వస్తుందని చదువుకుంటాం. బిల్లు మీద కూడా ఆ వరసలోనే అచ్చవుతుంది. అలాంటి చోట్ల స్థానిక సంస్థలో మాత్రం లెక్క తిరగబడి జరుగుతుంది. ఈ ఏడు వీధి దీపాలకు, కాలువలకు, సిబ్బంది జీతాలకు ఎంత కావాలో తేల్చుకుని, అందులో ఆస్తి పన్ను ద్వారా ఎంత రావాలో నిర్ణయించుకుని, ఆ మొత్తాన్ని ఊళ్లోని ఆస్తుల మదింపు విలువల మొత్తంతో భాగిస్తారు. వచ్చిన భాగఫలమే రేటు. అంటే మీ మదింపు విలువ మీరు ఎంత కట్టాలో నేరుగా చెప్పదు. ఊరి ఖర్చులో మీ వాటా ఎంతో మాత్రమే చెబుతుంది.

అంకెలతో చూస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. నాణెం పేరు అనవసరం. ఒక ఊళ్లో వెయ్యి ఇళ్లున్నాయనుకుందాం: సగం పాత పేటలో, సగం కొత్త పేటలో. పదేళ్ల క్రితం మదింపు చేసినప్పుడు ఏ ఇల్లయినా పది లక్షలే. మొత్తం విలువ వంద కోట్లు, ఊరికి కావాల్సింది ఒక కోటి, కాబట్టి రేటు ఒక శాతం, ఇంటికి పన్ను పదివేలు. ఈ పదేళ్లలో పాత పేటలో ఇల్లు పన్నెండు లక్షలకు మాత్రమే చేరింది. కొత్త పేట పక్కగా పెద్ద రోడ్డు పడి అక్కడి ఇల్లు ఇరవై ఎనిమిది లక్షలైంది. మదింపు మాత్రం కదలలేదు. కాబట్టి పన్నెండు లక్షల ఇంటివారూ పదివేలే కడుతున్నారు, ఇరవై ఎనిమిది లక్షల ఇంటివారూ పదివేలే కడుతున్నారు. అసలు విలువతో పోల్చి చూస్తే పాత పేట మీద పడుతున్న భారం 0.83 శాతం, కొత్త పేట మీద 0.36 శాతం. రేటు అందరికీ ఒకటేనని కాగితం మీద ఉంటుంది, అది అబద్ధమూ కాదు. అయినా ఒక పేట రెండో పేటకు రెట్టింపు పైగా మోస్తోంది.

ఇప్పుడు పునర్మదింపు జరిగిందనుకోండి. మొత్తం విలువ రెండు వందల కోట్లైంది. ఊరికి కావాల్సింది ఆ కోటే అయితే రేటు అర శాతానికి దిగుతుంది. పాత పేట ఇంటి విలువ ఇరవై శాతం పెరిగింది, పన్ను మాత్రం పదివేల నుంచి ఆరువేలకు పడిపోయింది. కొత్త పేట ఇంటి విలువ దాదాపు మూడింతలైంది, పన్ను పద్నాలుగు వేలైంది. మీ విలువ పెరిగిందా అన్నది కాదు అడగాల్సింది. ఊరి సగటు కంటే ఎక్కువ పెరిగిందా, తక్కువ పెరిగిందా అన్నది. ఈ ఊరి సగటు విలువ రెట్టింపైంది కాబట్టి, సరిగ్గా రెట్టింపైన ఇల్లు ఏదైనా ఉంటే దాని పన్ను పైసా కూడా మారదు. పిన్నికి ఇదే చెప్పాను. నమ్మలేదు.

ఆమె నమ్మకపోవడానికి కారణం లేకపోలేదు. నోటీసు వచ్చే నాటికి కొత్త రేటు ఇంకా ఖరారై ఉండదు. విలువ ఇప్పుడు తెలుస్తుంది, రేటు కొన్ని నెలల తరువాత బడ్జెట్‌తో పాటు తేలుతుంది. ఈ మధ్యకాలంలో మనిషి కొత్త విలువను పాత రేటుతో గుణించుకుని భయపడతాడు. పైగా ఆ భయం పూర్తిగా వట్టిది కూడా కాదు. మన ఊళ్లో పాలకులు రేటును ఒక శాతం దగ్గరే ఉంచేస్తే పాత పేట వారికి పన్నెండు వేలు, కొత్త పేట వారికి ఇరవై ఎనిమిది వేలు పడి, ఖజానాకు ఒక కోటికి బదులు రెండు కోట్లు వస్తాయి. "మేము రేటు పెంచలేదు" అని నిజాయితీగానే చెప్పుకోవచ్చు కూడా. పునర్మదింపు ఏట రేటు తగ్గకపోవడమే పన్ను పెంపు. అప్పుడు నిలదీయవలసింది రేటు ఖరారు చేసిన సమావేశాన్ని; మనం వెళ్లి మదింపు అధికారి మీద అరుస్తాం.

ఇక మదింపు మార్కెట్ కంటే ఎందుకు వెనకబడుతుంది? ఇందులో కొంత వెనకబాటు తప్పనిది, తప్పుపట్టరానిది. మదింపు చేసేవారు ఒక్కో ఇంటికి బేరమాడి చూడరు. ఇప్పటికే అమ్ముడైన ఇళ్ల ధరలను బట్టి, విస్తీర్ణం, కట్టిన సంవత్సరం, చుట్టుపక్కల ప్రాంతం లెక్కలోకి తీసుకుని, వేల ఇళ్లకు ఒకేసారి విలువ కడతారు. అందుకు తగినన్ని అమ్మకాలు కావాలి కాబట్టి గడిచిన ఏడాది, రెండేళ్ల దస్తావేజులు పోగేస్తారు. ఆ ధరలన్నింటినీ ఒకే మదింపు తేదీకి సర్దుతారు. ఆ తరువాత నోటీసులు, అభ్యంతరాలు, విచారణలు, చివరికి బిల్లు. ఏటా క్రమం తప్పకుండా మదింపు చేసే చోట కూడా బిల్లు చేతికందే నాటికి దాని వెనకున్న ధర దాదాపు ఏడాది పాతబడి ఉంటుంది. అందరికీ ఒకే తేదీ అయినంతకాలం దీనివల్ల పెద్దగా అన్యాయం లేదు. మార్కెట్ పడిపోతున్నప్పుడు మాత్రం చేదుగా ఉంటుంది: ధర దిగిపోయింది, బిల్లు ఇంకా శిఖరం నాటి విలువనే చూపిస్తోంది.

అసలు జబ్బు రెండో రకం వెనకబాటు. పునర్మదింపు చేసిన ఏడు ఎవరి వాటా పెరిగిందో వాళ్లు గట్టిగా అరుస్తారు, ఎవరిది తగ్గిందో వాళ్లు మౌనంగా ఉంటారు. అందుకని పాలకులు వాయిదా వేస్తారు. వాయిదా వేసిన కొద్దీ పేటల మధ్య తేడా పెరుగుతుంది, తేడా పెరిగిన కొద్దీ సరిదిద్దిన నాడు తగిలే దెబ్బ పెద్దదవుతుంది, అందువల్ల మళ్లీ వాయిదా. ఇంగ్లండ్‌లో ఇళ్ల మీద వేసే కౌన్సిల్ ట్యాక్స్ శ్రేణులు నేటికీ 1991 ఏప్రిల్ 1 నాటి విలువల మీదే నిలిచి ఉన్నాయి. నిన్న కట్టిన ఇంటికి కూడా 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో ఊహించి శ్రేణి కేటాయిస్తారు. జర్మనీలో ఆరేళ్లకోసారి మదింపు చేయాలన్న నియమం పెట్టుకుని కూడా పశ్చిమ భాగంలో 1964 నాటి విలువలను, తూర్పు భాగంలో 1935 నాటి విలువలను వాడుతూ వచ్చారు. ఇది సమానత్వానికి విరుద్ధమని 2018లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చాక, కొత్త లెక్క 2025 నుంచి గానీ అమలుకు రాలేదు.

కాలిఫోర్నియా వెనకబాటునే చట్టం చేసుకుంది. 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ప్రకారం మూల రేటు ఒక శాతం దాటకూడదు, మదింపు విలువ ఏడాదికి రెండు శాతం మించి పెరగకూడదు. ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం కొన్న ధరకు మళ్లీ మదింపు అవుతుంది. వయసు మళ్లినవారిని సొంత ఇంట్లోంచి పన్ను వెళ్లగొట్టకూడదన్న ఉద్దేశం నాకూ అర్థమవుతుంది. కానీ ఫలితం చూడండి: పక్కపక్కనే ఉన్న ఒకే రకం ఇళ్లలో, కొత్తగా కొన్నవారు ఎప్పటినుంచో ఉన్నవారి కంటే దాదాపు అయిదు రెట్లు కట్టవలసి వచ్చిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో కోర్టు ఆ పద్ధతి రాజ్యాంగబద్ధమేనంది. చెల్లుతుందంటే న్యాయమని అర్థం కాదు కదా.

సొంత ఇంటి సంగతి తేల్చుకోవడానికి ఒక చిన్న భాగహారం చాలు. మదింపు తేదీకి దగ్గరలో అమ్ముడైన ఇళ్లను నాలుగైదు తీసుకుని, ప్రతి ఇంటి మదింపు విలువను అది పలికిన ధరతో భాగించండి. వచ్చిన నిష్పత్తులన్నీ దాదాపు ఒకేలా ఉంటే, అవి నూటికి అరవయ్యే అయినా పరవాలేదు. చెల్లాచెదురుగా ఉంటేనే అన్యాయం. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఇరవై లక్షలు పలికే ఇంటికి నోటీసులో పద్నాలుగు లక్షలు రాసి ఉంటే యజమాని లోలోపల సంతోషించి కాగితాన్ని బీరువాలో పెట్టేస్తాడు. ఊళ్లో మిగతా ఇళ్లన్నీ సగం విలువకే మదింపై ఉంటే ఆయనకు రాయవలసింది పది లక్షలు. అంటే ఆయన తన వాటా కంటే నలభై శాతం ఎక్కువ కడుతూ, తనకు మేలు జరిగిందనుకుంటున్నాడు. పాత మదింపులు ఇన్నాళ్లు నిలబడటానికి ఈ సంతోషం కూడా ఒక కారణం.

పిన్ని చివరికి అభ్యంతరం పెట్టింది. విచారణకు రెండు దస్తావేజుల నకళ్లు తీసుకెళ్లింది: పక్క ఇల్లు పోయిన నెల పద్దెనిమిది లక్షలకు అమ్ముడైన కాగితం ఒకటి, అదే వరుసలో అలాంటి ఇల్లే అంతకు చాలా ముందు పదహారు లక్షలకు అమ్ముడైన కాగితం ఒకటి. ఆమె ధీమా అంతా మొదటిదాని మీదే. రెండోది పాతదని సంచిలోంచి తీయనే లేదు. అక్కడి అధికారి మొదటి కాగితం చూసి, "ఇది మదింపు తేదీ తరువాత జరిగిన అమ్మకం అమ్మా, లెక్కలోకి రాదు" అని తిరిగి ఇచ్చేశాడు. నేను గుర్తుచేస్తే రెండోది తీసింది. అది మదింపు తేదీకి రెండు నెలల ముందుది. ఆయన చూశాడు, ఇల్లు కొలతలు పోల్చుకున్నాడు, ఇరవైని పదిహేడుకు దించాడు.

బయటికి వచ్చాక నేను అభినందించబోతే పిన్ని ఆ మాట పట్టించుకోలేదు. "అది సరేరా, రేటు ఎంత పెడతారో తేల్చే సమావేశం ఎప్పుడో కనుక్కో" అంది.