‘చర్యలు తీసుకోబడును’ అంటూ స్వాగతమా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నాలుగు వందల మంది పనిచేసే ఒక కంపెనీ. కొత్తగా చేరేవాళ్లకు చూపించే వీడియోను కన్నడ, తెలుగు, ఇంగ్లిష్‌లలో తీస్తూ, తెలుగు స్క్రిప్ట్ ఒకసారి చూడమని నాకు పంపారు. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివాను. పదకొండు నిమిషాలు పట్టింది. అందులో మొదటి రెండున్నర నిమిషాలు ఎండీ గారి ‘మనమంతా ఒకే కుటుంబం’. ఆ తర్వాత వచ్చేవన్నీ హెచ్చరికలే.

ఆప్యాయత ఒక చోట, రూల్స్ ఇంకో చోట పెట్టడమే అసలు తప్పు. ఆప్యాయత కనిపించాల్సింది రూల్ చెప్పే తీరులోనే. రాత్రి బస్సెక్కి పొద్దున్నే మడివాళలో దిగి, నేరుగా ఆఫీసుకొచ్చిన అనంతపురం కుర్రాడికి కుటుంబం కొత్తగా అక్కర్లేదు. భోజనం ఎక్కడ, ఐడీ కార్డు ఎవరిస్తారు, ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలి? అతని టెన్షన్ ఇదీ.

సెలవుల గురించి స్క్రిప్ట్‌లో ఉన్నది ఇది: ‘ముందస్తు అనుమతి లేని గైర్హాజరు క్రమశిక్షణా ఉల్లంఘనగా పరిగణించబడును. తగు చర్యలు తీసుకోబడును.’ హెచ్‌ఆర్‌ను అడిగి అసలు పద్ధతి తెలుసుకుని ఇలా మార్చాను: ‘పొద్దున లేచేసరికి జ్వరం వచ్చిందనుకోండి. తొమ్మిదిన్నరలోపు మేనేజర్‌కి ఒక మెసేజ్ పెట్టండి, చాలు. పోర్టల్‌లో సెలవు రెండు రోజుల్లోపు పెట్టుకోవచ్చు. మెసేజ్ కూడా లేకపోతే ఆ రోజు జీతం పోతుంది.’ మాటలు పెరిగాయి, నిజమే. కానీ పాతది విన్నవాళ్లు ఏం చేయాలో మళ్లీ హెచ్‌ఆర్‌నే అడగాలి. ఇప్పుడు ఏం చేయాలో, ఎప్పటిలోపో, చేయకపోతే ఏమవుతుందో అందులోనే ఉంది. నిడివి తగ్గించాలంటే ఎండీ గారి దగ్గర కోయాలి. ఆయనకు ఇరవై సెకన్లు ఉంచాను.

లీగల్ వాళ్లు ఒప్పుకోలేదు. పాలసీ మొత్తం చదివి వినిపిస్తేనే రేపు ‘నాకు చెప్పలేదు’ అనరని వాళ్ల వాదన. భయం సహజమే. కానీ దానికి పాలసీ కాపీ మీద తీసుకునే సంతకం ఉంది. వీడియో పని వేరు. లైంగిక వేధింపుల నివారణ చట్టం సంగతే చూడండి. 2013 నాటి ఆ చట్టం ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. సెక్షన్లు ఏకరువు పెడితే ఎవరికీ గుర్తుండవు. కమిటీ ఉందని, ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలని, రాయలేకపోతే కమిటీయే సాయం చేయాలని చెబితే గుర్తుంటుంది. సభ్యుల పేర్లు మాత్రం వాయిస్‌లో వద్దు. ఒకరు మానేసినా మళ్లీ రికార్డింగ్ చేయించాలి. పేర్లు మార్చుకోగలిగే స్లైడ్ మీద ఉంటే సరి.

అసలు ఈ ‘బడును’ మన ఆఫీసులకు ఎక్కడ అంటుకుందో! బస్టాండ్ బోర్డు నుంచి బ్యాంకు నోటీసు దాకా ఇదే. చర్య ఎవరు తీసుకుంటారు? ఏం చర్య? ఎవరికీ తెలియదు. ‘మీ జీతం కోస్తాం’ అనడానికి మొహమాటపడి, చేసేవాడి పేరు తీసేసి రాస్తాం. అది మర్యాద అనుకుంటాం. వినేవాడికి మాత్రం పోలీస్ స్టేషన్‌లో కూర్చున్నట్టు ఉంటుంది.

చివరికి వీడియో నాలుగు నిమిషాల పది సెకన్లకు వచ్చింది. లీగల్ పట్టుబట్టి ఒక్క ‘తీసుకోబడును’ ఉంచుకున్నారు, ల్యాప్‌టాప్ పోగొడితే అనే చోట.