తమ్ముడూ, కొత్త మాక్ టెస్ట్ ఆపి ఆ పాత పేపర్ తియ్యి

ఒరేయ్ తమ్ముడూ, పన్నెండు మాక్ టెస్టులు రాసినా మార్కులు 29 దగ్గరే ఆగిపోయాయని మెసేజ్ పెట్టావు కదా, నిన్న రాత్రి నువ్వు పంపిన పేపర్ ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. 50 ప్రశ్నల్లో 44 రాశావు, 32 సరైనవి, 12 తప్పు. తప్పుకు పావు మార్కు కోత కాబట్టి 29. కానీ నీకు నిజంగా రాని లెక్కలు మూడే మూడు! మిగతా తొమ్మిదీ వేరే రకం.

ఆ పనీ-రోజులూ లెక్కే చూడు. ఒకడు 12 రోజుల్లో, ఇంకొకడు 18 రోజుల్లో చేసే పనిని ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు, 4 రోజుల తర్వాత మొదటివాడు వెళ్లిపోయాడు, మిగిలిన పనికి రెండోవాడికి ఎన్ని రోజులు? నువ్వు భిన్నాలతో కుస్తీ పట్టి ఐదు నిమిషాలు తినేశావు. 12, 18ల క.సా.గు. 36 కదా, మొత్తం పని 36 భాగాలు అనుకో. మొదటివాడు రోజుకి 3, రెండోవాడు 2. నాలుగు రోజుల్లో 20 భాగాలు అయిపోతాయి, మిగిలిన 16 రెండోవాడికి 8 రోజులు. నువ్వు పెట్టిన జవాబు 12. అది మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కేస్తే వచ్చేది, అడిగింది అది కాదు. ఆప్షన్లలో 8, 12 రెండూ ఉన్నాయి, కావాలనే పెడతారు. ఇలా లెక్క వచ్చి కూడా ప్రశ్న సరిగ్గా చదవక పోగొట్టినవి ఐదు.

ఇంకో నాలుగు చివరి నిమిషంలో గుడ్డిగా పెట్టినవి. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెడితే సగటున నాలుగింటికి ఒకటి తగులుతుంది, మూడు పోతాయి, అంటే చేతికొచ్చేది పావు మార్కు. కోత మూడోవంతు అయితే అదీ రాదు. అదే రెండు ఆప్షన్లు ఖాయంగా తప్పని తెలిస్తే నాలుగింటికి రెండు తగిలి ఒకటిన్నర మార్కు వస్తుంది, అలాంటివి మాత్రం వదలకు.

గంటలో 50 అంటే ప్రశ్నకు 72 సెకన్లు. నువ్వు ముట్టుకోని ఆరింటిలో మూడు చాలా తేలిక, నాకే బాధేసింది. నిమిషంన్నర దాటినా దారి కనబడకపోతే గుర్తు పెట్టుకుని ముందుకెళ్లిపో.

రోజుకో మాక్ అనే సలహా నాకు అస్సలు నచ్చదు, అదే తప్పు మళ్లీ మళ్లీ చేయడం అలవాటవుతుంది. వారానికి రెండు చాలు. ఈ 12 తప్పుల్నీ జవాబులు చూడకుండా నోట్‌బుక్‌లో మళ్లీ చెయ్యి, పక్కన రాలేదు, సరిగ్గా చదవలేదు, గుడ్డిగా పెట్టాను అని మూడింటిలో ఏదో ఒకటి రాయి. ఆదివారం ఆ పేజీ ఫొటో తీసి పంపు, కలిసి చూద్దాం.

— అక్క